అయిదుగురి అలవాట్లు ఇరవై మందికి చాలవు

ఇళ్ల కప్పుల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. ఆఫీసు విజయవాడలో, పనులు గుంటూరు, ఏలూరు దాకా. మొదలుపెట్టినప్పుడు యజమాని, ఆయన భార్య, బావమరిది, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, మొత్తం 5 మంది. ఇప్పుడు 14 మంది. ఏడాది తిరిగేసరికి 20 మంది కావాల్సిందే, ఆర్డర్లు అలా వస్తున్నాయి. ఇది ఏ ఒక్క సంస్థ కథా కాదు. ఈ దశలో ఉన్న సంస్థల్లో తరచూ కనిపించే సంగతులను ఒకచోట చేర్చి కట్టిన ఉదాహరణ.

ఈ సంస్థ ఒక ఇంటికి ఆర్డరు తీసుకుంది. అడ్వాన్సు వచ్చింది, ప్యానెళ్లు దిగాయి, కప్పు మీద స్ట్రక్చర్ కూడా బిగించారు. తీరా సబ్సిడీ దరఖాస్తు పెట్టబోతే ఆ ఇంటి కరెంటు కనెక్షన్ ఎప్పుడో చనిపోయిన తాతగారి పేరు మీదే ఉందని తేలింది. దరఖాస్తు కనెక్షన్‌దారు పేరుతోనే పెట్టాలి. అంటే ముందు డిస్కంలో పేరు మార్పు జరగాలి. ఆ కాగితాలు కదిలేదాకా పని ఆగింది, మిగతా డబ్బు ఆగింది, కస్టమరు కోపం మాత్రం ఆగలేదు.

యజమాని అందరినీ పిలిచి అడిగాడు. సేల్స్ కుర్రాడు, ‘బిల్లు ఫొటో ఆఫీసుకు పంపాను సార్, వాళ్లు చూస్తారనుకున్నా’ అన్నాడు. దరఖాస్తులు చూసే అమ్మాయి, ‘అడ్వాన్సు తీసుకున్నారంటే సేల్స్ వాళ్లు చూసే ఉంటారనుకున్నాను సార్’ అంది. సైటు వాళ్లు, ‘మెటీరియల్ వచ్చింది, బిగించాం’ అన్నారు. ముగ్గురూ నిజమే చెప్పారు. ఎవరూ పని ఎగ్గొట్టలేదు. బిల్లు మీద పేరు చూసే పని ఎవరిదో ఆ సంస్థలో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు, అంతే.

5 మంది ఉన్నప్పుడు ఈ తప్పు జరగలేదు. ఎందుకంటే ప్రతి బిల్లూ యజమాని చేతిలోంచే వెళ్లేది. ఆయన కన్ను పడితే ‘ఇదెవరి పేరండీ?’ అని అక్కడే అడిగేవాడు. అప్పుడు సంస్థకు నిర్మాణం లేదని కాదు. యజమాని బుర్రే ఆ నిర్మాణం. 14 మంది అయ్యాక ఆ బుర్రకు అన్ని బిల్లులూ చేరడం లేదు. కానీ అందరూ ఇంకా చేరుతున్నట్టే పని చేస్తున్నారు.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. 5 మందిలో ఎవరితో ఎవరైనా మాట్లాడుకునే జంటలు 10. 10 మంది అయితే 45. 20 మంది అయితే 190. మనుషులు నాలుగు రెట్లు పెరిగితే మాట జారిపోయే సందులు 19 రెట్లు పెరిగాయన్న మాట. అందుకే ‘ఇంకొంచెం జాగ్రత్తగా ఉండండి’ అని చెప్పడంతో ఇది పోదు. 1972లో లారీ గ్రైనర్ అనే అమెరికన్ ఆచార్యుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ పనికొస్తుంది. సంస్థ ఒక దశలో ఏ పద్ధతి వల్ల పెరిగిందో, తర్వాతి దశలో ఆ పద్ధతే దానికి అడ్డవుతుందని ఆయన వాదన. మొదట వచ్చేది నాయకత్వ సంక్షోభం. అన్నీ తానే చూసుకునే వ్యవస్థాపకుడికి చూడలేనంత పని వచ్చి పడుతుంది. అది దాటాక వచ్చేది స్వేచ్ఛ సంక్షోభం. కింద బాధ్యతల్లో ఉన్నవాళ్లు సొంతంగా నిర్ణయించాలనుకుంటారు, పైవాళ్లు వదలరు. 5 నుంచి 20కి వెళ్లే సంస్థ మొదటిదాన్ని దాటుతూనే రెండోదాని గుమ్మంలోకి వస్తుంది. చాలామంది యజమానులు పని పంచుతారు. నిర్ణయం మాత్రం తమ దగ్గరే ఉంచుకుంటారు. చిక్కంతా అక్కడే.

ముందు ఆర్డరు నడిచే దారి

సంస్థ నిర్మాణం అనగానే చాలామంది పైన యజమాని పేరు రాసి, కింద ఉన్నవాళ్ల పేర్లను పెట్టెల్లో సర్దుతారు. అలా గీస్తే ఉన్న గందరగోళానికే గీతలు వచ్చి చేరతాయి. గీయాల్సింది మనుషుల్ని కాదు, పనిని. ఒక ఆర్డరు మొదటి ఫోన్ నుంచి చివరి రూపాయి దాకా ఏ దారిలో నడుస్తుందో ఒక పెద్ద కాగితం మీద వరసగా రాయాలి.

మన సంస్థలో ఆ దారి ఇలా ఉంటుంది. కస్టమరు విచారణ, ఇంటికి వెళ్లి కప్పు, నీడ, మంజూరైన లోడు చూడటం, కొటేషన్, అడ్వాన్సు, పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తు, మెటీరియల్ కొనుగోలు, స్ట్రక్చర్, ప్యానెళ్లు బిగించడం, వైరింగ్, ఇన్వర్టరు, ఎర్తింగ్, డిస్కం తనిఖీ, నెట్ మీటరు, సబ్సిడీ కోరడం, మిగతా డబ్బు వసూలు, ఆ తర్వాత సర్వీసు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం కింద 3 కిలోవాట్ల సిస్టానికి కేంద్రం ఇచ్చే సాయం 78,000 రూపాయలు. అది నేరుగా కస్టమరు ఖాతాలో పడుతుంది. బిగించిన సంస్థ అయిదేళ్లు నిర్వహణ కూడా చూడాలి. కాబట్టి మీటరు తిరగడం మొదలైన రోజున ఆర్డరు ముగిసిపోదు, ఇంకో అయిదేళ్ల దారి మిగిలే ఉంటుంది.

ఇప్పుడు ప్రతి అడుగు పక్కనా రెండు పేర్లు రాయాలి. ఈ పని ఎవరు చేస్తున్నారు? దీనికి ‘సరే’ అనేది ఎవరు? మన సంస్థలో మొదటి వరసలో ఏడెనిమిది మంది పేర్లు వచ్చాయి. రెండో వరసలో దాదాపు అన్ని చోట్లా ఒకే పేరు, యజమానిది. తగ్గింపు ఎంత ఇవ్వాలన్నా ఆయనే. ఏ ఇన్వర్టరు వాడాలన్నా ఆయనే. రేపు ఏ సైటుకు ఎవరు వెళ్లాలన్నా ఆయనే. రెండు చోట్ల మాత్రం ఖాళీ. అడ్వాన్సు తీసుకునే ముందు కాగితాలు చూసేది ఎవరు? బిగించిన తర్వాత ఎర్తింగ్ కొలిచి సంతకం పెట్టేది ఎవరు? అక్కడ ఎవరి పేరూ లేదు. తాతగారి పేరున్న బిల్లు జారిపోయింది ఆ మొదటి ఖాళీలోంచే.

ఈ కాగితం యజమాని ఒక్కడే కూర్చుని రాస్తే సగం తప్పుగా వస్తుంది. పని నిజంగా ఎలా నడుస్తోందో ఆయనకన్నా సైటులో ఉన్నవాళ్లకు, ఫోన్లు ఎత్తేవాళ్లకు బాగా తెలుసు. ఈ మధ్యే పూర్తయిన మూడు ఆర్డర్లు తీసుకుని, వాటిని నడిపినవాళ్లను కూర్చోబెట్టుకుని, అసలు జరిగింది జరిగినట్టు రాయించడం మంచిది. వాటిలో ఒకటి బాగా ఆలస్యమైన ఆర్డరు అయి ఉండాలి.

ఎన్ని విభాగాలు, ఎవరి కింద ఎవరు

దారి గీశాక ఒకదానికొకటి దగ్గరగా ఉండే అడుగులను ఒక గుంపు చేయాలి. 20 మందికి నాలుగు గుంపులు సరిపోతాయి. యజమాని కింద నలుగురు విభాగాధిపతులు, వాళ్ల కింద మిగతావాళ్లు. ఇంతకు మించి మెట్లు అక్కర్లేదు. జనరల్ మేనేజరు, అసిస్టెంట్ మేనేజరు లాంటి పదవులు పెడితే ఈ సైజు సంస్థలో మాట ఆలస్యమవుతుంది తప్ప పని పెరగదు. ఈ నలుగురూ కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేసేవాళ్లు కూడా కాదు. సగం రోజు తమ పని తాము చేస్తూ, సగం రోజు తమవాళ్ల పని చూసేవాళ్లు.

మన సంస్థలో లెక్క ఇలా తేలింది. సేల్స్‌లో అధిపతితో కలిపి నలుగురు. సైటు పనుల్లో ఒక అధిపతి, ముగ్గురేసి ఉండే రెండు టీములు, మొత్తం ఏడుగురు. టెక్నికల్ విభాగంలో ఆరుగురు: అధిపతి, డిజైన్ చూసేవారు ఒకరు, దరఖాస్తులు చూసేవారు ఒకరు, నాణ్యత తనిఖీకి ఒకరు, సర్వీసుకు ఇద్దరు. ఖాతాల్లో యజమాని భార్య, ఆమె కింద స్టోర్ కీపరు. యజమానితో కలిపి 20.

ఇందులో రెండు సంగతులు కొంచెం వింతగా అనిపించవచ్చు. మొదటిది, సర్వీసు వాళ్లు సైటు విభాగం కింద కాకుండా టెక్నికల్ కింద ఉండటం. బిగించేవాళ్లే బాగు చేస్తే పోదా అనిపిస్తుంది. కానీ సైటు అధిపతి మీద ఎప్పుడూ కొత్త సైట్ల ఒత్తిడి ఉంటుంది. కొత్త సైటు పూర్తయితే డబ్బు వస్తుంది, పాత ఇంట్లో ఇన్వర్టరు ఆగిపోతే ఫోన్ మాత్రమే వస్తుంది. ఇద్దరు మనుషులు ఆయన చేతిలో ఉంటే వాళ్లను కొత్త సైటుకే పంపుతాడు. అది ఆయన తప్పు కాదు, ఆయన్ని మనం కొలిచే కొలత అలాంటిది. సర్వీసును వేరే చేతిలో పెడితే ఫిర్యాదు వాయిదా పడదు. ఏ కనెక్టరు తరచూ కాలుతోంది, ఏ స్ట్రక్చరు గాలికి వదులవుతోంది అన్న కబురు నేరుగా డిజైన్ చేసేవాళ్లకు చేరుతుంది.

రెండోది, నాణ్యత చూసే మనిషి సైటు అధిపతి కింద లేకపోవడం. బిగించినవాళ్లే ‘బాగుంది’ అని సంతకం పెట్టుకుంటే ఆ సంతకానికి విలువ లేదు. డబ్బు విషయంలోనూ అదే సూత్రం. ఏ ప్యానెల్ కావాలో టెక్నికల్ వాళ్లు రాసిస్తారు, వచ్చిన సరుకు స్టోర్ కీపరు లెక్కపెడతాడు, బిల్లు ఖాతాల వాళ్లు చెల్లిస్తారు. సబ్సిడీ ఆర్డర్లలో ఇది మరీ ముఖ్యం. ఆ ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో మన దేశంలోనే చేసినవై ఉండాలి. నాలుగు డబ్బులు కలిసొస్తాయని కొనేవాడు వేరే ప్యానెల్ తెస్తే కస్టమరుకు సబ్సిడీ పోతుంది. అందుకే ఏది కొనాలన్న నిర్ణయం, ఎంతకు కొనాలన్న నిర్ణయం ఒకే మనిషి చేతిలో ఉండకూడదు. స్టోరు ఖాతాల కిందే ఉంది కాబట్టి, నెలకోసారి సరుకు లెక్కింపు మాత్రం టెక్నికల్ నుంచి ఒకరు వచ్చి చేయాలి.

ఒక పేజీలో బాధ్యత

విభాగాలు తేలాక ప్రతి ఉద్యోగానికీ ఒక బాధ్యతల పత్రం రాయాలి. అది ఒక పేజీ దాటకూడదు. పెద్ద కంపెనీల పత్రాలు తెచ్చి పేర్లు మార్చితే ‘సమన్వయం చేయుట, పర్యవేక్షించుట, సహకరించుట’ అంటూ రెండు పేజీలు వస్తాయి. చదివినవాడికి రేపు పొద్దున ఏం చేయాలో అర్థం కాదు. మంచి పత్రంలో ఉండాల్సినవి అయిదే. ఈ ఉద్యోగం ఎందుకు ఉంది? ఏ ఫలితాలకు ఈ మనిషి జవాబు చెప్పాలి? ఎవరిని అడగకుండా ఏం నిర్ణయించవచ్చు? ఎవరి నుంచి ఏ స్థితిలో పని అందుకుంటాడు, ఎవరికి ఏ స్థితిలో అప్పగిస్తాడు? ఏం చేయకూడదు?

మన సంస్థ సైటు అధిపతికి రాసుకున్న పత్రం చూద్దాం.

ఉద్యోగం ఎందుకు: ఆమోదించిన డిజైన్ ప్రకారం, ఎవరికీ దెబ్బ తగలకుండా, చెప్పిన రోజుకు సిస్టం బిగించి తనిఖీకి సిద్ధం చేయడం.

జవాబు చెప్పాల్సిన ఫలితాలు: మెటీరియల్ సైటుకు చేరిన 5 పని దినాల్లో ఇంటి సైటు పూర్తి కావాలి. నాణ్యత తనిఖీలో మొదటిసారే నెగ్గాలి. కప్పు అంచున పని చేసే ప్రతి మనిషీ సేఫ్టీ బెల్టుతో ఉండాలి. మిగిలిన సరుకు మూడు రోజుల్లో స్టోరుకు చేరాలి.

సొంత నిర్ణయాలు: ఏ టీము ఏ సైటుకు వెళ్లాలి. ఒక్కో సైటుకు 5,000 రూపాయల దాకా అదనపు ఖర్చు. ప్రమాదం అనిపిస్తే వెంటనే పని ఆపడం.

అందుకునేది, అప్పగించేది: టెక్నికల్ నుంచి సంతకం ఉన్న డ్రాయింగు, స్టోరు నుంచి లెక్క సరిపోయిన సరుకు. ఈ రెండూ లేకుండా పని మొదలుపెట్టకూడదు. పని పూర్తయ్యాక ఫొటోలతో సహా నాణ్యత తనిఖీకి అప్పగించాలి.

చేయకూడనివి: కస్టమరు అడిగారని ప్యానెళ్ల చోటు మార్చకూడదు. కస్టమరు దగ్గర డబ్బు తీసుకోకూడదు.

పేజీ ఇంతే. ఇందులో బరువైన భాగం ఫలితాలు అనుకుంటాం గానీ, నిజానికి సొంత నిర్ణయాల భాగమే. ఫలితానికి జవాబు చెప్పమని, నిర్ణయం మాత్రం తన దగ్గరే ఉంచుకునే యజమాని ఆ మనిషికి ఉద్యోగం ఇవ్వలేదు, నింద మోసే పని ఇచ్చాడు. రేపు ఏ టీము ఎక్కడికి వెళ్లాలో యజమానే చెబితే, 5 రోజుల్లో పూర్తి కాలేదని సైటు అధిపతిని అడిగే హక్కు ఆయనకు ఉండదు.

అప్పగింతల భాగం రెండో ముఖ్యమైనది. సేల్స్ అధిపతి పత్రంలో ఇప్పుడు ఒక వాక్యం చేరింది: కనెక్షన్‌దారు పేరు, ఆధార్ పేరు, బ్యాంకు ఖాతా పేరు సరిపోయాయని టెక్నికల్‌లో దరఖాస్తులు చూసే మనిషి ‘సరే’ అన్న తర్వాతే అడ్వాన్సు తీసుకోవాలి. ఆ మనిషి పత్రంలో దానికి జత వాక్యం ఉంది: కాగితాలు అందిన ఒక పని దినంలో సరేనని గానీ కాదని గానీ చెప్పాలి. రెండూ ఉండాలి. మొదటిది మాత్రమే ఉంటే అమ్మకాలు ఆగిపోతాయి, రెండోది మాత్రమే ఉంటే ఎవరూ ఆగి అడగరు.

‘ఇది నా పత్రంలో లేదు’ అని తప్పుకునేవాళ్లు తయారవుతారన్న భయం యజమానులకు ఉంటుంది. భయం అసత్యం కాదు. అందుకే ప్రతి పత్రం చివరా ఒక నియమం అందరికీ ఉమ్మడిగా రాయాలి: ఎవరిదీ కాని పని కనిపిస్తే ముందు దాన్ని ఆదుకోవాలి, తర్వాత సోమవారం సమావేశంలో చెప్పాలి. ఆ సమావేశంలో యజమాని, నలుగురు అధిపతులు అరగంట కూర్చుని, అది ఇకమీదట ఎవరి పనో తేల్చి పత్రంలో చేర్చాలి. ఆరు నెలలకోసారి పత్రాలన్నీ మళ్లీ చదవాలి. మారని పత్రం ఎవరూ వాడని పత్రం.

నిర్ణయానికి మూడు గీతలు

నిర్ణయాలను మూడు రకాలుగా విడదీస్తే సరిపోతుంది. అడగకుండా చేసేవి. చేసి చెప్పేవి. అడిగి చేసేవి. డబ్బు ఉన్నచోట అంకె వేయాలి. అంకె లేకపోతే ‘చూసుకుని చెయ్యి’ అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు.

తగ్గింపునే తీసుకుందాం. 2 లక్షల రూపాయల కొటేషన్ మీద సేల్స్ కుర్రాడు 2 శాతం, అంటే 4,000 దాకా ఎవరినీ అడగక్కర్లేదు. 5 శాతం, అంటే 10,000 దాకా సేల్స్ అధిపతి ఇవ్వవచ్చు, ఆ వారం యజమానికి చెబితే చాలు. అది దాటితే యజమానిని అడగాలి. ఈ శాతాలు ఏ సంస్థకు ఆ సంస్థ తన లాభాన్ని బట్టి పెట్టుకోవాల్సినవి. పెట్టే పద్ధతి మాత్రం ఒకటే: ఈ మనిషి ఈ హద్దులో పొరపాటు పడితే సంస్థ తట్టుకోగలదా? తట్టుకోగలిగిన చోట గీత గీసి వదిలేయాలి. మొదట తక్కువ హద్దుతో మొదలుపెట్టి మూడు నెలలు చూసి పెంచడం మేలు. ఎక్కువ ఇచ్చి వెనక్కి తీసుకుంటే అది శిక్షలా ఉంటుంది.

ఏ నిర్ణయం ముందు వదలాలి? డబ్బు లెక్కలు, చెల్లింపులు సాధారణంగా అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంటాయి. తర్వాత సైటు పనులు, ఆ తర్వాత టెక్నికల్, ఆఖరున సేల్స్ వదలడం ఈ తరహా సంస్థకు నప్పుతుంది. తొలి కస్టమర్లు యజమాని మాట మీద వచ్చినవాళ్లు. ఆయనకు బాగా చేతనైన పనీ అదే. అన్నీ ఒకే నెలలో వదిలేస్తే ఏది ఎందుకు చెడిందో తెలియదు. ఒక విభాగం పత్రాలు రాసి రెండు నెలలు నడిపి, అది నిలబడ్డాక రెండోది చేపట్టాలి. అందుకే 20 మంది అయ్యాక మొదలుపెడితే ఆలస్యమే. పదిమంది దాటేటప్పుడే మొదలవ్వాలి.

బావమరిది ఏమవుతాడు?

ఈ ప్రశ్న ప్రతి కుటుంబ సంస్థలోనూ వస్తుంది. బావమరిది మొదటి రోజు నుంచి ఉన్నాడు. పనిలో అంతటివాడు లేడు. సైటు అధిపతి పదవి తనదేనని అతనూ అనుకుంటాడు, అందరూ అనుకుంటారు. కానీ పత్రం చదివితే ఆ ఉద్యోగంలో చేతిపని తక్కువ. రెండు టీములకు వారం ప్రణాళిక వేయడం, ఆలస్యాన్ని ముందే పసిగట్టడం, ఒకరితో గొడవ పెట్టుకోకుండా పని చేయించడం అందులో ఎక్కువ. అతనికి అవి నచ్చవు. ఫోన్లో షెడ్యూలు చూడమంటే విసుక్కుంటాడు. ఇన్వర్టరు విప్పమంటే భోజనం మరిచిపోతాడు. అలాంటి మనిషిని అధిపతిని చేస్తే సంస్థ మంచి పనివాడిని పోగొట్టుకుని అయిష్టంగా పనిచేసే మేనేజరును తెచ్చుకుంటుంది.

అందుకే పత్రం ముందు, పేరు తర్వాత. పేరు మనసులో పెట్టుకుని పత్రం రాస్తే ఆ మనిషికి రాని పనులన్నీ అందులోంచి మెల్లగా మాయమవుతాయి, ఆ పనులన్నీ మళ్లీ యజమాని నెత్తినే పడతాయి. మన సంస్థ బావమరిదికి నాణ్యత తనిఖీ ఇచ్చింది. ఎర్తింగ్ కొలిచి, కీళ్లు బిగువు చూసి, అతను సంతకం పెడితేనే డిస్కం తనిఖీకి కబురు వెళుతుంది. అతను కాదంటే యజమాని కూడా పంపలేడు. జీతం సైటు అధిపతితో సమానం. పైపదవి ఒక్కటే గౌరవం కాదని మాటలతో చెబితే ఎవరూ నమ్మరు, జీతంలోనూ అధికారంలోనూ కనిపిస్తే నమ్ముతారు.

ఆఫీసులో తేలని మాట ఇంటికి వెళ్లే దారి ఒకటి ఉంటుంది. బావమరిది అక్కతో అంటాడు, అక్క భోజనాల దగ్గర భర్తతో అంటుంది, మర్నాడు టెక్నికల్ అధిపతి నిర్ణయం మారిపోతుంది. ఇది రెండుసార్లు జరిగితే చాలు, ఆ అధిపతి మాటకు విలువ పోతుంది. మిగతా సిబ్బంది కూడా మేడం దగ్గరికే వెళ్లడం నేర్చుకుంటారు. కుటుంబ సభ్యుడికీ పత్రంలో రాసిన పై అధికారి ఒక్కరే. పని మాట ఆ అధికారితోనే తేలాలి.

ఇదే తప్పు యజమాని ఇంకో రకంగా చేస్తాడు. సైటు చూడటానికి వెళ్లి, నిచ్చెన మీద ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ‘ఆ వరస ఇటు తిప్పు’ అంటాడు. ఎలక్ట్రీషియన్ తిప్పుతాడు. డ్రాయింగు ఒకటి, కప్పు మీద ఉన్నది ఇంకొకటి అవుతుంది. ఫ్రాన్సులో గనుల కంపెనీ నడిపిన హెన్రీ ఫయోల్ 1916లోనే, ఒక మనిషికి ఆజ్ఞ ఒకరి నుంచే రావాలని రాశాడు. చిన్న సంస్థలో ఈ నియమాన్ని ఎక్కువగా మీరేది పెట్టినవాడే. యజమాని ఎక్కడికైనా వెళ్లవచ్చు, ఏదైనా చూడవచ్చు, ఎవరినైనా అడగవచ్చు. పని మార్చమని మాత్రం అధిపతికే చెప్పాలి. ప్రాణాపాయం కనిపిస్తే ఒక్కటే మినహాయింపు. అలాగే జీతం, అవమానం, వేధింపు లాంటి విషయాల్లో ఎవరైనా నేరుగా ఆయన దగ్గరికి రావచ్చు. పని విషయం తెస్తే ఆయన అడగాల్సిన మొదటి మాట, ‘మీ సార్ ఏమన్నారు?’

చట్టం లెక్కపెట్టే అంకెలు

ఈ ప్రయాణంలో రెండు అంకెల దగ్గర చట్టం కూడా వచ్చి చేరుతుంది, కాబట్టి ఆ బాధ్యత ఎవరిదో పత్రంలో ఉండాలి. 10 మందికి చేరగానే ఈఎస్ఐ, గ్రాట్యుటీ వర్తిస్తాయి. లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం అంతర్గత కమిటీ కూడా ఉండాలి. దానికి ఒక మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. ఫిర్యాదు యజమాని మీదే అయితే అది జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళుతుంది. 20 మందికి చేరగానే పీఎఫ్ తప్పనిసరి. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లూ లెక్కలోకి వస్తారు. ఒకసారి వర్తించాక మనుషులు తగ్గినా అది పోదు. మన సంస్థలో ఇవన్నీ ఖాతాల అధిపతి పత్రంలోకి వెళ్లాయి. ఈ సైజుకు వేరే హెచ్ఆర్ మేనేజరు అక్కర్లేదు. తేదీలకు జవాబు చెప్పే పేరు ఒకటి ఉంటే చాలు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

బొమ్మ గోడకు తగిలించినంత మాత్రాన నిర్మాణం వచ్చినట్టు కాదు. దానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. యజమాని ఒక వారం ఆఫీసుకు రాకుండా ఉండాలి. ఫోన్ ఎత్తవచ్చు. వచ్చిన ప్రతి ఫోనూ ఎందుకు వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. వారం చివర వాటిని మూడు కుప్పలు చేయాలి.

పత్రంలో అధికారం ఉండి కూడా అడిగినవి మొదటి కుప్ప. ఇవి ఎక్కువగా ఉంటే ఆ మనిషికి హద్దు మీద నమ్మకం లేదన్నమాట. చాలాసార్లు కారణం గతంలో సొంతంగా చేసినప్పుడు తిన్న చీవాట్లే. మరోసారి శిక్షణ ఇస్తే ఇది పోదు. యజమాని తన మాటతీరు మార్చుకోవాలి. ఏ పత్రంలోనూ లేనివి రెండో కుప్ప. ఇవి సందులు, సోమవారం సమావేశంలో పూడ్చాలి. నిజంగా యజమాని దగ్గరికే రావాల్సినవి మూడో కుప్ప. ప్రతిసారీ ఈ మూడోది మాత్రమే మిగిలేదాకా పత్రాలు సరిదిద్దుతూ ఉండాలి.

ఆ మూడో కుప్పలో ఉన్నవే యజమాని సొంత బాధ్యతల పత్రం. ధరల విధానం, అధిపతుల ఎంపిక, తీసివేత, బ్యాంకు అప్పు, పెద్ద కస్టమర్లు, కొత్త ఊరికి వెళ్లాలా వద్దా అన్నది. ఈ పత్రాన్ని కూడా మిగతావాటిలాగే ఒక పేజీలో రాసి, అందరికీ కనిపించేలా పెట్టాలి. అందులోనూ ‘చేయకూడనివి’ అన్న భాగం ఉండాలి. సైటులో టీముకు నేరుగా పని చెప్పకూడదు. సేల్స్ అధిపతి కాదన్న తగ్గింపును కస్టమరు ఫోన్ చేస్తే ఇవ్వకూడదు. సొంత కలంతో ఈ రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టిన యజమాని దగ్గర మిగతా పందొమ్మిది పత్రాలకు బలం వస్తుంది. ఆయన రాయకపోతే అవి కాగితాలుగానే ఉంటాయి.